జీతం బకాయిలు అందాయా? రిటర్నుకు ముందు ఇవి చూసుకోండి

2025-26లో పాత బకాయిలు అందుకుని, ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 89 కింద పన్ను ఉపశమనం కోరేవారికి:

• ముందు ఫారం 10ఈ, తర్వాతే రిటర్ను. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఫారం సమర్పించకుండా రిటర్నులో అంకె మాత్రమే వేస్తే ఉపశమనాన్ని కొట్టేసి, పన్ను కట్టమని నోటీసు పంపుతారు. హక్కుగా రావలసిన డబ్బు ఇలా పోవడం చూస్తే బాధేస్తుంది.

• మదింపు సంవత్సరం 2026-27 ఎంచుకోండి. డబ్బు చేతికి వచ్చిన ఏడాదే లెక్క, బకాయి పడిన ఏడాది కాదు.

• బకాయిని ఏడాదివారీగా విడదీసిన పట్టిక కార్యాలయం నుంచి తీసుకోండి. ఉదాహరణకు 2022-23కు చెందిన లక్ష రూపాయలు ఇప్పుడు వచ్చాయి. ఈ ఏడాది మీరు 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి అదనపు పన్ను 31,200. అప్పుడు 20 శాతంలో ఉంటే 20,800 పడేది. తేడా 10,400, అదే ఉపశమనం. రెండేళ్లూ ఒకే శ్లాబైతే సాధారణంగా ఏమీ రాదు.

• ఫారంలో పాత ఏడాదికి మొత్తం జీతం వేయకండి. అప్పటి రిటర్నులో మినహాయింపులు పోగా మిగిలిన, పన్ను పడే ఆదాయమే వేయాలి, లేకపోతే శ్లాబే మారిపోతుంది.

• కొత్త పన్ను విధానంలో ఉన్నా ఈ ఉపశమనం వర్తిస్తుంది.