ప్రిస్క్రిప్షన్ ఫోటో చదివి తెలుగులో రాసిచ్చే ముందు ఈ జాగ్రత్తలు

వానలు పడ్డాయి, జ్వరాలు మొదలైనాయి, ఇంక నా ఫోన్‌కి ప్రిస్క్రిప్షన్ ఫోటోలు వస్తానే ఉంటాయి. తిరుపతిలో మెడికల్ షాపులో 13 ఏళ్ళుగా ఫార్మసిస్టుగా ఉండా కాబట్టి పుత్తూరు నుంచి, పీలేరు నుంచి, పలమనేరు నుంచి చుట్టాలు, చుట్టాల చుట్టాలు అందరూ "అక్కా, ఇదేందో చదివి ఏది ఎప్పుడేసుకోవాలో తెలుగులో రాసి పంపు" అంటారు. ప్రతి ఇంట్లో ఈ పని చేసేవాళ్ళు ఒకరుంటారు, ఎక్కువ సార్లు చదువుకునే పిల్లలే. వాళ్ళ కోసమే రాస్తా ఉండా, ఎందుకంటే పోయిన నెల ఒక ఫోటో తప్పు చదవడం వల్ల మాకు పెద్దమ్మ వరసామెకి ప్రాణం మీదికి వచ్చింది.

ఆమెకి కీళ్ళవాతం. చెన్నైలో చూపించుకొని వచ్చినారు. వాళ్ళ చెల్లెలి కొడుకు ఇంజనీరింగ్ చదువుతాడు, తెలివైన పిల్లోడే, ఆమె ఇంటికాడ కాగితం ఫోటో తీసి పంపితే వాడు హాస్టల్లో కూర్చొని తెలుగులో రాసి పంపినాడు. కాగితం మీద ఉండింది ఇది:

```
Tab. Methotrexate 10 mg   1 OW (Sun)   x 4/52
Tab. Folic acid 5 mg      1 OW (Wed)   x 4/52
Tab. HCQ 200 mg           1 BD PC      x 4/52
Tab. PCM 650 mg           1 SOS
```

ఫోటో వంకరగా తీసినారు, పైన కుడి మూల తెగిపోయింది. పిల్లోడికి కనపడింది ఇది:

```
Tab. Methotrexate 10 mg   1 O
Tab. Folic acid 5 mg      1 O
Tab. HCQ 200 mg           1 BD PC      x 4/52
Tab. PCM 650 mg           1 SOS
```

ఓ తర్వాత ఏముంటుంది? మామూలుగా డీ ఉంటుంది, ఓడీ అంటే రోజుకి ఒకసారి. వాడు అదే అనుకొని "రోజూ ఒకటి, రాత్రి" అని రాసినాడు. అక్కడ ఉండింది ఓ డబ్ల్యూ, వారానికి ఒకసారి, అదీ ఆదివారం మాత్రమే. మెథోట్రెక్సేట్‌ని కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కి వారానికి ఒక్కసారే ఇస్తారు. ఆమె 9 రోజులు వరసగా వేసుకుంది. అంటే 9 వారాల మందు 9 రోజుల్లో లోపలికి పోయింది.

ఏడో రోజు నాకు ఫోన్ చేసింది, "నోరంతా పొక్కిందమ్మీ, వేడి చేసిందేమో, మజ్జిగ తాగతా ఉండా" అని. నేను కూడా షాపులో బిజీగా ఉండి ఏం మందులు వాడతా ఉండావు పెద్దమ్మా అని అడగలేదు, ఆ మాట నన్ను ఇప్పటికీ తింటా ఉంది. తొమ్మిదో రోజు జ్వరం, గొంతు నొప్పి, చేతుల మీద ఎర్రగా చుక్కలు. రక్తం పరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు రెండూ బాగా పడిపోయినాయి. డెంగీ అనుకునే తీసుకుపోయినారు, ఈ సీజన్లో ఎవరైనా అట్లే అనుకుంటారు. డ్యూటీ డాక్టరు మందుల షీట్లు చూపించమన్నాకే విషయం బయటపడింది. మాత్ర ఆపి, ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు పెట్టి, ప్లేట్‌లెట్లు ఎక్కించి 12 రోజులకి ఇంటికి పంపినారు. ఈ ఫోలినిక్ వేరు, ఇంట్లో ఉండే ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరు. ఫోలిక్ మాత్ర ఈ విషాన్ని విరవదు, అది వేసుకుంటా ఉన్నాం కదా ఏం కాదులే అనుకోవద్దు.

పిల్లోడిని అడిగితే "అక్కా, అన్నిటికీ ఓడీనే ఉంటుంది కదా, అదే అనుకున్నా" అన్నాడు. నేను ఇన్నేళ్ళలో చూసిన పెద్ద తప్పులన్నీ ఈ ఒక్కదాంట్లోకే వస్తాయి, కనపడని అక్షరాన్ని అలవాటుతో నింపేయడం. బీడీ అంటే తెలియకపోతే ఎవరైనా వెతికి తెలుసుకుంటారు, దాంతో ఎవరికీ ఏం కాదు. తెలుసు అనుకొని నింపినప్పుడే మునిగిపోతారు.

ముందు ఫోటో

కాగితం నాలుగు మూలలూ కనపడాలి. మడత విప్పి, బల్ల మీద పరిచి, పైనుంచి నేరుగా తీయమనండి, చేతిలో పట్టుకొని తీస్తే ఎప్పుడూ ఒక పక్క తెగుతుంది. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన వెలుతురు చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, చిన్న చుక్కలు పోతాయి, అందుకే డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. వెనక పక్క కూడా తీయమనండి, చాలా మంది డాక్టర్లు మిగిలింది వెనక రాస్తారు. దాంతో పాటు కొన్న మందుల షీట్ల ఫోటో కూడా కావాలి, పేరు, ఎంత ఎంజీ అనేది కనపడేట్టు. రాత అర్థం కాకపోయినా షీటు మీద అచ్చులో ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం అనుమానాలు తీరతాయి. కాగితం మీద పేరు, తేదీ కూడా చూడండి. ఒకసారి మా దగ్గరికి మొగుడి కాగితం పెట్టుకొని పెళ్ళానికి మందులు కొనేదానికి వచ్చినారు.

అక్షరాలు

ఓడీ రోజుకి ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ లేదా టీఐడీ మూడుసార్లు, క్యూఐడీ నాలుగుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకునేటప్పుడు. ఏసీ తినక ముందు, పీసీ తిన్నాక. స్టాట్ అంటే వెంటనే ఒక్కసారి. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే, నొప్పో జ్వరమో లేకపోతే వేసుకోకూడదు. 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఇవి లాటిన్ మాటల పొట్టి రూపాలు, అందుకే ఇంగ్లీషు వచ్చినోళ్ళకి కూడా తట్టవు.

అదే ఓడీ కంటి డాక్టరు రాస్తే కుడి కన్ను అని అర్థం! ఓఎస్ ఎడమ కన్ను, ఓయూ రెండు కళ్ళు. చుక్కల మందు కాగితం వస్తే ముందు ఎవరు రాసినారో చూడండి.

4/52 ని పిల్లోడు తేదీ అనుకొని వదిలేసినాడు. కింద 52 ఉంటే వారాలు, 7 ఉంటే రోజులు, 12 ఉంటే నెలలు. 5/7 అంటే 5 రోజులు, 4/52 అంటే 4 వారాలు, 1/12 అంటే ఒక నెల.

లెక్క వేయండి

ఇది ఎవరూ చేయరు, చేసుంటే పెద్దమ్మ తప్పించుకునేది. రోజుకి ఎన్ని, ఎన్ని రోజులు, మొత్తం ఎన్ని మాత్రలు ఇచ్చినారు అనేవి మూడూ కలవాలి. హెచ్‌సీక్యూ, అంటే హైడ్రాక్సీక్లోరోక్విన్, రోజుకి రెండు, 28 రోజులు, 56 మాత్రలు. షాపులో 6 షీట్లు, అంటే 60 ఇచ్చినారు, సరిపోయింది. మెథోట్రెక్సేట్ రోజుకి ఒకటైతే 28 కావాలి, ఇంట్లో ఉండింది ఒక్క షీటు, 10 మాత్రలు. నెలకి రాసిన మందు పది రోజులకే ఎట్ల అయిపోతుంది? వారానికి ఒకటైతే 4 కావాలి, షాపు వాళ్ళు షీటు కోయకుండా మొత్తం ఇచ్చేసినారు. ఇచ్చిన మాత్రలు లెక్కకి చాలకపోతే మీరు చదివింది తప్పయ్యుండొచ్చు, వెంటనే ఆగిపోండి.

తెలుగులో రాసేటప్పుడు

"ఒకసారి" అని ఒంటిగా రాయొద్దు. రోజుకా, వారానికా, రోజు విడిచి రోజా, అది లేకుండా ఆ మాటకి అర్థం లేదు. "మూడు పూటలా" అని కూడా వదలొద్దు, టైం రాయండి. టీడీఎస్ అంటే దాదాపు 8 గంటల తేడా, మన వాళ్ళు టిఫిన్‌కి, అన్నానికి, చపాతీకి లెక్కేసి 9 గంటలకి, 1 గంటకి, 8 గంటలకి వేసేస్తారు, రాత్రి మాత్రకి పొద్దున మాత్రకి మధ్య 13 గంటలు ఖాళీ ఉంటుంది. జ్వరానికి యాంటీబయాటిక్ రాసినప్పుడు 6 గంటలకి, 2 గంటలకి, 10 గంటలకి అని రాసిస్తే సరిపోతుంది. పెద్దమ్మకి రాసివ్వాల్సింది ఇట్ల:

మెథోట్రెక్సేట్ 10: వారానికి ఒకటే. ఆదివారం మాత్రమే. మిగతా ఆరు రోజులు ముట్టుకోవద్దు.
ఫోలిక్ యాసిడ్ 5: వారానికి ఒకటే. బుధవారం.
హెచ్‌సీక్యూ 200: రోజూ. పొద్దున 8 కి ఒకటి, రాత్రి 8 కి ఒకటి, అన్నం తిన్నాక.
పారాసెటమాల్ 650: నొప్పి ఎక్కువైతేనే ఒకటి. ఇంకోటి కావాలంటే 6 గంటలు ఆగి.

మొదటి రెండూ చాలా సార్లు చిన్న పసుపు మాత్రలే ఉంటాయి, కళ్ళు సరిగ్గా కనపడని వాళ్ళకి తేడా తెలీదు. ఒక షీటు మీద స్కెచ్‌తో పెద్దగా "ఆది", ఇంకోదాని మీద "బుధ" అని రాయించండి. రాసి పంపినాక ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఏది ఎప్పుడు వేసుకుంటావు చెప్పు" అని అడగండి. "అర్థమైందా" అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు.

ఇంక మిగతావి, ఒకటొకటి చదవండి:

- ఒక్క అక్షరం కనపడకపోయినా ఊహించొద్దు. మళ్ళీ ఫోటో అడగండి.
- రెండో ఫోటోలో కూడా కనపడకపోతే ప్యాడ్ మీదుండే నంబరుకి ఫోన్ చేయండి. డాక్టరుని అడిగేదానికి మొహమాటం ఎందుకు? స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016 లోనే నిబంధన పెట్టింది.
- ఇన్సులిన్ కాగితంలో 4 పక్కన యూ ఉంటే అది సున్నా లాగా కనపడి 40 అవుతుంది. ఇన్సులిన్ కాగితాన్ని ఫోటో చూసి చెప్పనే చెప్పొద్దు, ఫోన్ చేసి కనుక్కోండి.
- చుక్క ముందు సున్నా లేకపోతే .5 కాస్తా 5 అవుతుంది. షీటు మీది ఎంజీతో పోల్చండి.
- పిల్లల సిరప్పు ఎంఎల్‌లోనే చెప్పండి, సీసాతో వచ్చే మూతతోనే కొలవమనండి, ఇంట్లో చెంచా వద్దు.
- పారాసెటమాల్ డ్రాప్స్ వేరు, సిరప్పు వేరు. డ్రాప్స్ చాలా గాఢంగా ఉంటాయి. సీసా ఫోటో చూడకుండా ఎన్ని ఎంఎల్ అనేది చెప్పొద్దు.
- జ్వరానికి డాక్టరు రాయని నొప్పి మాత్ర మీరు కలపొద్దు. డెంగీ అయ్యుంటే రక్తం కారే ప్రమాదం ఉంది.
- మర్చిపోయిన మాత్ర కోసం రెండు కలిపి వేయమని చెప్పొద్దు.
- పోయిన నెల ఫోటో చూసి ఈ నెల మందులు చెప్పొద్దు.
- కనపడని అక్షరం ఊహించొద్దు. "అన్నిటికీ ఇట్లే ఉంటుంది" అనిపించినప్పుడు అసలే ఊహించొద్దు.
- మెథోట్రెక్సేట్ వాడే మనిషికి నోట్లో పుండ్లు, గొంతు నొప్పి, జ్వరం, చర్మం మీద చుక్కలు వస్తే వేడి చేసిందని మజ్జిగ ఇవ్వొద్దు. మాత్ర ఆపి అదే రోజు షీట్లతో సహా ఆస్పత్రికి తీసుకుపోండి.
- మీ ఇంట్లో ఎవరికైనా ఆ మాత్ర ఉంటే ఇప్పుడే పోయి షీటు తీయండి, వారంలో ఏ రోజు వేసుకోవాలో రాసుందా చూడండి. రాసి లేకపోయినా, రోజూ వేసుకుంటా ఉన్నామని చెప్పినా, ఈ రాత్రి మాత్ర వేయనీయొద్దు, వెంటనే రాసిన డాక్టరుకి ఫోన్ చేయండి.