స్పైడర్ ప్లాంట్ ఆకు కొసలు మాడుతున్నాయా? ముందు మీరు పోసే నీళ్లు చూడండి

సమస్య

మొక్క బాగానే ఉంటుంది. కొత్త ఆకులు వస్తుంటాయి, తీగలకు పిల్ల మొక్కలు వేలాడుతుంటాయి. కానీ ప్రతి ఆకు కొసా అగ్గిపుల్లతో అంటించినట్టు గోధుమ రంగుకు మారి, చేత్తో నలిపితే పొడిగా రాలిపోతుంది. కత్తిరించినా కొన్నాళ్లకు మళ్లీ అదే. తిరుపతిలో, చిత్తూరులో బోరు నీళ్ల మీద ఆధారపడిన ఇళ్లల్లో ఈ ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది.

కొస మాడటానికి కారణాలు చాలానే ఉన్నాయి కాబట్టి ముందు ఆకును దగ్గరగా చూడాలి. ఆకు మధ్యలో తెల్లగా పాలిపోయిన మచ్చలుంటే అది నేరుగా తగిలిన ఎండ వల్ల. మొదలు మెత్తబడి, ఆకు లాగితే ఊడి వస్తుంటే నీళ్లు ఎక్కువై వేరు కుళ్లుతోంది. ఆకు మొత్తం కళ తప్పి నిలువునా ముడుచుకుంటే నీళ్లు చాలడం లేదు. ఇవేవీ లేకుండా ఆకు బలంగానే ఉండి, కొస మాత్రమే మాడుతూ, అదీ అడుగున ఉన్న ముదురు ఆకుల్లో ఎక్కువగా, నడిమి లేత ఆకుల్లో తక్కువగా ఉంటే నీటినే అనుమానించాలి. మట్టి పైన, కుండీ అంచున, అడుగు రంధ్రాల చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

కారణం

వేరు పీల్చిన నీరు ఆకుల్లోకి ఎక్కి అక్కడి నుంచి ఆవిరైపోతుంది. ఆ నీటితో వచ్చిన లవణాలు ఆవిరి కాలేవు. నీటి ప్రయాణం ముగిసేది ఆకు కొసలో కాబట్టి అవి అక్కడే పోగుపడతాయి. మోతాదు మించాక అక్కడి కణాలు చచ్చిపోతాయి. ముదురు ఆకు ఎక్కువ కాలం నీళ్లు లాగింది కాబట్టి ముందు దాని కొసే మాడుతుంది.

వీటిలో స్పైడర్ ప్లాంట్‌కు అసలు పడనిది ఫ్లోరైడ్. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. మనిషి తాగడానికి పనికొచ్చే ఆ నీళ్లే ఈ మొక్క ఆకు కొసను మాడ్చగలవు. చిత్తూరు వైపు భూమి అడుగున ఎక్కువగా గ్రానైట్ లాంటి రాళ్లే. అలాంటి రాళ్ల సందుల్లో చాలాకాలం నిలిచిన బోరు నీటిలోకి ఫ్లోరైడ్ కరిగి రావడం మామూలే. బోరు ఎంత లోతుదో, ఏ వీధిలో ఉందో దాన్నిబట్టి మారుతుంది కాబట్టి పక్కింటి నీళ్లను చూసి మీ నీళ్ల సంగతి చెప్పలేం.

ఇక్కడ మూడు సలహాలు అందరి నోటా వినిపిస్తాయి, మూడూ ఫ్లోరైడ్ మీద పనిచేయవు. బకెట్లో రాత్రంతా ఉంచితే క్లోరిన్ కొంత పోతుంది, ఫ్లోరైడూ ఉప్పూ కదలవు. కాచి చల్లారిస్తే నీరు ఆవిరై తగ్గుతుంది కాబట్టి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. నిమ్మరసమో వెనిగరో కలిపితే మట్టి పుల్లబడి, సున్నంతో ముడిపడి ఉన్న ఫ్లోరైడ్ కూడా విడివడి వేరుకు అందుతుంది. ఈ మొక్కకు మట్టి పీహెచ్ 6, 6.5 మధ్య ఉంటేనే మేలు.

ఒక ఇంట్లో జరిగింది

మా కింది ఫ్లాట్ వదిన వంటింటి కిటికీకి ఆరంగుళాల ప్లాస్టిక్ కుండీలో స్పైడర్ ప్లాంట్ వేలాడదీసింది. "రోజూ పోస్తానే ఉండా, అయినా కొసలు ఎండిపోతానే ఉండాయి. ఎరువు కూడా వేసినా," అని వాపోయింది. ఏ నీళ్లు పోస్తున్నావు వదినా అని అడిగితే, ఆర్వో మెషీన్ వేస్ట్ పైపు కింద పెట్టిన బకెట్ చూపించింది. నీళ్లు పారబోయడం ఇష్టం లేక మొక్కలకు వాడుతోంది. ఆలోచన మంచిదే, కానీ ఈ మొక్కకు మాత్రం అది పడదు.

టీడీఎస్ మీటరు పెట్టి చూశాం. బోరు నీళ్లు 900, ఆర్వో మంచినీళ్లు 60, వేస్ట్ నీళ్లు సుమారు 1250. ఆ మెషీన్‌లోకి పది లీటర్లు పోతే మూడు లీటర్లు మంచినీళ్లుగా వస్తాయి, ఏడు లీటర్లు బయటికి పోతాయి. పది లీటర్లలోని ఉప్పు దాదాపు అంతా ఆ ఏడు లీటర్లలోనే ఉంటుంది, ఫ్లోరైడ్ కూడా అంతే. దానికి తోడు వదిన రోజూ అర గ్లాసు చొప్పున పోస్తోంది. కొంచెం కొంచెం పోస్తే అడుగు నుంచి నీరు కారదు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు కుండీలోనే మిగులుతుంది. ఎరువు కూడా ఉప్పే. అందులో సూపర్ ఫాస్ఫేట్‌లో ఫ్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి ఈ మొక్కకు అది అసలు వద్దు.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. టీడీఎస్ మీటరు మొత్తం లవణాల అంచనా మాత్రమే ఇస్తుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. అంకె తక్కువగా ఉన్నా కొసలు మాడుతుంటే నీటి పరీక్షల ల్యాబ్‌లో ఫ్లోరైడ్ విడిగా చూపించుకోవాలి. మీటరు లేనివాళ్లు స్టీలు ప్లేటు మీద రెండు చుక్కల నీళ్లు వేసి ఆరనివ్వండి. మందంగా తెల్లటి మరక మిగిలితే ఆ నీళ్లలో లవణాలు ఎక్కువని తెలిసిపోతుంది.

పరిష్కారం

ముందు కుండీలో పేరుకున్న ఉప్పును కడిగేయాలి. పైన తెల్లటి పొరతో ఉన్న మట్టిని వేలి మందాన గీకి తీసేయండి. కుండీని సింకులోనో బాత్‌రూములోనో పెట్టి, కుండీలో పట్టేంత నీటికి రెండింతలు నెమ్మదిగా పోయాలి. ఆరంగుళాల కుండీకి నాలుగు లీటర్లు సరిపోతాయి. ఒకేసారి గుమ్మరించకుండా మూడు నాలుగు విడతలుగా, మధ్యలో పది నిమిషాలు ఆగి పోస్తే ఉప్పు కరిగి కిందికి దిగుతుంది. వాన నీళ్లో ఆర్వో నీళ్లో అయితే మేలు. కారిన నీళ్లు అడుగు ప్లేటులో నిలవనివ్వకండి, వేరు వాటినే మళ్లీ పీలుస్తుంది.

తర్వాత రోజువారీ నీళ్లు మార్చాలి. అన్నీ ఆర్వో నీళ్లే పోయాలంటే ఖర్చు కాబట్టి వదినకు కలిపి వాడమని చెప్పాను. ఒక గ్లాసు బోరు నీళ్లకు ఐదు గ్లాసుల ఆర్వో నీళ్లు కలిపితే టీడీఎస్ 200 దగ్గరికి వస్తుంది, ఫ్లోరైడ్ కూడా బాగా తగ్గుతుంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. మొదటి జల్లు మిద్దె మీద దుమ్ము కడిగేసాక వచ్చే నీళ్లు డ్రమ్ములో పట్టి మూతపెట్టుకుంటే కొన్ని వారాలు వస్తాయి. మట్టి పై అంగుళం ఆరాకే పోయాలి, పోసినప్పుడు మాత్రం అడుగు నుంచి కారేదాకా పోయాలి. ఎరువు రెండు నెలలు ఆపి, ఆ తర్వాత డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతే వేయాలి.

కుండీ మార్చాలనుకుంటే కోకోపీట్‌ను రెండు మూడు సార్లు నానబెట్టి పిండాకే వాడండి. కడగని కోకోపీట్‌లోనే ఉప్పు ఉంటుంది. తెల్లటి పెర్లైట్ గుళికల్లో ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి వాటి బదులు కడిగిన ముతక ఇసుక కలపవచ్చు.

మాడిన కొస మళ్లీ పచ్చబడదు. కత్తెరతో ఆకు ఆకారంలోనే ఏటవాలుగా కత్తిరించండి, సన్నటి గోధుమ అంచు వదిలేయండి. పచ్చ భాగంలోకి కోస్తే ఆ కోత మళ్లీ ఎండుతుంది. ఫలితం తెలుసుకోవాలంటే పాత ఆకుల్ని కాదు, నీళ్లు మార్చాక నడిమి నుంచి వచ్చిన ఆకుల్ని చూడండి. అవి రెండు మూడు నెలల్లో పూర్తి పొడవుకు వచ్చినా కొస పచ్చగా ఉంటే సమస్య నీళ్లదే అని రుజువైనట్టు. మే నెల వడగాలికి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎండితే అది గాలి పొడిదనం వల్ల. కుండీని కిటికీ నుంచి లోపలికి జరిపితే చాలు.