ఇస్లామీ మేధా చరిత్రపై మొదటి క్లాసు ఎలా చెప్పాలి?

డిగ్రీ విద్యార్థులకు మొదటి రోజే ఖలీఫాల వరుస చెప్పడం మొదలుపెడితే అరగంటలో సగం క్లాసు కిటికీలోంచి బయటికి చూస్తుంది. శాస్త్రాల పేర్లు బోర్డు మీద రాసి నిర్వచనాలు చెప్పినా అంతే. ఆ శాస్త్రాలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే వాళ్ల ముందు ఒక్క చిక్కు ప్రశ్న పెట్టండి: ద్రాక్షసారా నిషిద్ధం సరే, ఖర్జూరాలు నానబెట్టి చేసే నబీజ్ పులిసి మత్తెక్కిస్తే?

ముందుగా ఖుర్ఆన్ 5వ సూరాలోని 90వ ఆయతు చదివి వినిపించండి. అందులో నిషేధించింది ‘ఖమ్ర్’ని. నబీజ్ ఆ మాట కిందికి వస్తుందా అని అడిగి, కాసేపు వాదించుకోనివ్వండి. వాళ్లు అప్పుడు చేస్తున్న పనే తఫ్సీర్, అంటే ఖుర్ఆన్ వ్యాఖ్యానం.

తర్వాత హదీసు, అంటే ప్రవక్త మాటల ఉల్లేఖనం. ‘మత్తెక్కించేదంతా ఖమ్రే’ అని ప్రవక్త అన్నట్టు ముస్లిం అనే హదీసు పండితుడి (మరణం 875) సంకలనంలో ఉంది. ఆ మాటకంటే ముందు బోర్డు మీద పేర్లు రాయండి: ఇబ్న్ ఉమర్ నుంచి నాఫి, ఆయన నుంచి అయ్యూబ్, ఆయన నుంచి హమ్మాద్. మాటను ఒకరి నుంచి ఒకరు అందించిన ఈ వరుసే ఇస్నాద్. ‘నడుమ ఉన్న నాఫిని ఎందుకు నమ్మాలి?’ అని ఎవరో ఒకరు అడుగుతారు; అడగకపోతే మీరే అడగండి. ఆ ప్రశ్నకు జవాబుగానే వేలమంది ఉల్లేఖకుల జీవిత వివరాలు, వాళ్ల నమ్మకత్వం మీద పండితుల అభిప్రాయాలు గ్రంథాలకెక్కాయి. హదీసు పండితుడు ఇబ్న్ హజర్ రాసిన అలాంటి 12 సంపుటాల గ్రంథాన్ని గత శతాబ్దం మొదట్లో అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫే. ఒక సంపుటం దొరికితే క్లాసుకు పట్టుకెళ్లి చేతులు మారనివ్వండి.

ఇక ఫిఖ్, అంటే ధర్మశాస్త్రం. ఇక్కడ తొందరపడకండి. ధర్మశాస్త్ర పండితులు మాలిక్, షాఫియీ, ఇబ్న్ హంబల్ చుక్క కూడా కూడదన్నారు. ఇరాక్‌లోని కూఫాకు చెందిన అబూ హనీఫా (మరణం 767) మాత్రం ఖమ్ర్ అంటే పులిసిన పచ్చి ద్రాక్షరసమే అన్నారు. నబీజ్ లాంటివాటిలో మత్తెక్కేంత తాగడమే నిషిద్ధమన్నారు. ప్రవక్త సహచరులు కొందరు నబీజ్ తాగినట్టు కూఫావారి దగ్గర ఉల్లేఖనాలున్నాయి. ఏ ఆధారానికి ఎంత బరువు, ‘మత్తు’ అనే కారణాన్ని పట్టుకుని ఒక తీర్పును ఇంకో వస్తువుకు ఎంతవరకు సాగదీయొచ్చు అనేవి ఫిఖ్ మూలసూత్రాల శాస్త్రమైన ఉసూలుల్ ఫిఖ్ ప్రశ్నలు.

‘ఇంతకీ ఎవరిది రైటు?’ అని అడిగారంటే క్లాసు ధర్మసందేహాల కార్యక్రమంలోకి జారుతున్నట్టే. తీర్పు మీరు చెప్పొద్దు. అబూ హనీఫా శిష్యుడు ముహమ్మద్ షైబానీ (మరణం 805) గురువుతో విభేదించి మిగతావారివైపు నిలిచాడనీ, తర్వాతి హనఫీలు ఫత్వాకు శిష్యుడి మాటనే తీసుకున్నారనీ చెప్పండి. మజ్‌హబ్ అనే ధర్మశాస్త్ర సంప్రదాయం ఒక్క మనిషి అభిప్రాయం కాదని అప్పుడు తెలుస్తుంది.

చివరి ఐదు నిమిషాలు కలామ్‌కు, అంటే మతతత్వ చర్చకు ఉంచండి. దేవుడు వద్దన్నాడు కాబట్టి అది చెడ్డదా, చెడ్డది కాబట్టే వద్దన్నాడా? మంచిచెడులను బుద్ధి తనంతట గ్రహించగలదన్నారు ముఅతజిలాలు. దైవాజ్ఞే కొలమానమన్నారు అష్అరీలు. ఏ పక్షమో, ఎందుకో ఒక పేజీ రాసి తెమ్మని పంపేయండి.