తోటి విద్యార్థుల ప్రజెంటేషన్‌కు మార్కులు: ప్రశ్నల్లోని లోపాలు, వాటి సవరణ

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తరగతి గదుల్లో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే ఇళ్ల పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. వారు ఒకరి ప్రజెంటేషన్‌కు ఒకరు మార్కులు వేసుకున్నప్పుడు ఫలితం న్యాయంగా లేదనిపిస్తే, పిల్లల కంటే ముందు వారి చేతికిచ్చిన ప్రశ్నలను పరీక్షించాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక విద్యార్థిని తమ ఊరి పాత చిన్న రైలు గురించి ఐదు నిమిషాలు మాట్లాడి, 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి ఆ లైను మొదలైందని, 1931లో దాన్ని గుణుపురం దాకా పొడిగించారని, దానివల్లే ఊళ్లో వ్యాపారం పెరిగిందని చెప్పి, ఒక ఆవిరి ఇంజను ఫోటో చూపించిందనుకుందాం.

సమస్య: ఆధారాల ప్రశ్నకు అందరూ పూర్తి మార్కులు వేస్తున్నారు.

కారణం: “ఆధారాలు చూపారా?” అని అడిగితే, ఏదో ఒకటి చూపిన ప్రతివారికీ “అవును” అనే జవాబు వస్తుంది. ఇక్కడ ఫోటో ఉంది కాబట్టి వినేవారు తృప్తి పడతారు. అయితే ఆ ఫోటో రైలు ఉండేదని మాత్రమే చెబుతుంది, వ్యాపారం పెరిగిందని చెప్పదు.

పరిష్కారం: ఆ ఒక్క ప్రశ్నను మూడుగా విడగొట్టి, మార్కు వేయకముందే జవాబులు రాయించాలి. “వక్త చెప్పిన ముఖ్యమైన వాదన ఏమిటి? దానికి చూపిన ఆధారం ఏమిటి, అది ఎక్కడిదని చెప్పారు? ఆ ఆధారం చూస్తే వాదన నిజమని నమ్మవచ్చా, ఎందుకు?” మార్కులకు అర్థం కూడా పత్రంలోనే ఉండాలి. ఆధారమే లేకపోతే 0, ఆధారం ఉన్నా వాదనకు సంబంధం లేకపోతే 1, సంబంధం ఉన్నా ఎక్కడిదో చెప్పకపోతే 2, రెండూ ఉంటే 3. ఈ లెక్కన మన ఉదాహరణలో వ్యాపారం గురించిన వాదనకు 1 మార్కే వస్తుంది. రైలు రాకముందు, వచ్చాక సరుకు రవాణా ఎంత జరిగిందో తెలిపే రికార్డు గానీ, ఏ కాలంలో ఏ సరుకు ఎక్కడికి వెళ్లేదో చెప్పగల పాత వ్యాపారి మాట గానీ, ఎవరి దగ్గర విన్నదో చెప్పి చూపిస్తే అది పైకి వెళ్లేది. తేదీలు సరిగ్గా చెప్పినందుకు కారణం గురించిన వాదనకు మార్కు కలపకూడదని పిల్లలకు ముందే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరపడేది అక్కడే.

సమస్య: మాట తీరుకు వేసే మార్కుల్లో ఒడియా, సవర ఇళ్ల పిల్లలు వెనకబడుతున్నారు.

కారణం: “చక్కటి తెలుగులో, స్పష్టంగా మాట్లాడారా?” అనే ప్రశ్న వక్త చేసిన సాధనను కాకుండా, వక్త పుట్టిన ఇంటిని కొలుస్తుంది. యాస వేరైనంత మాత్రాన విషయం అర్థం కాకుండా పోదు.

పరిష్కారం: వక్త సాధన చేసి మార్చుకోగలిగిన వాటినే అడగాలి. “చివరి వరుస దాకా వినిపించిందా? ఎక్కువసేపు కాగితం చూసి చదివారా, తరగతిని చూసి చెప్పారా? సంవత్సరం, అంకె వంటివి చెప్పాక రాసుకునేంతసేపు ఆగారా? మీకు అర్థం కాని మాట ఏదైనా ఉంటే దాన్నే ఇక్కడ రాయండి.” ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఆ మాట రాయలేనివారు స్పష్టత పేరుతో మార్కు తగ్గించకూడదు. సవరణ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఉపాధ్యాయులు ఇంటి భాషను బట్టి మార్కులను విడదీసి చూడవచ్చు. ఆధారాల మార్కులు దాదాపు సమానంగా ఉండి, మాట తీరు మార్కుల్లో మాత్రమే తేడా కనిపిస్తే ప్రశ్నను అనుమానించాలి. కానీ చిన్న తరగతిలో అలాంటి తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు కాబట్టి, అంకెల కంటే పిల్లలు రాసిన కారణాలనే ఎక్కువగా చదవాలి.

సమస్య: “విషయం క్రమంగా ఉందా?” అంటే అందరూ “ఉంది” అంటున్నారు.

ఇది తేలికగా సరిదిద్దుకోవచ్చు. ప్రసంగం ముగియగానే పత్రం చూడకుండా, వక్త ముఖ్యంగా చెప్పిన సంగతిని, దాన్ని ఏ క్రమంలో చెప్పారో రెండు మూడు వాక్యాల్లో రాయమనాలి. ఐదుగురిలో నలుగురు ఒకే సంగతి రాస్తే, స్లయిడ్లు సాదాగా ఉన్నా కూర్పు బాగున్నట్లే. తలా ఒకటి రాస్తే, వక్త అసలు విషయాన్ని ఎక్కడ వదిలేశారో ఆ వాక్యాలే చూపిస్తాయి.

సమస్య: స్నేహితులు ఎక్కువ, పడనివారు తక్కువ వేస్తున్నారు.

మార్కులను కూడి సగటు తీయడం మాని, వరుసగా పేర్చి మధ్యలోనిది తీసుకోవాలి. ఐదుగురు 3, 3, 2, 3, 0 వేస్తే సగటు 2.2కు పడిపోతుంది. పేర్చితే 0, 2, 3, 3, 3 అవుతుంది, మధ్యది 3. ఒకరి కోపం ఫలితాన్ని మార్చలేకపోయింది. అయితే ముగ్గురు కూడబలుక్కుంటే ఈ పద్ధతి కూడా ఆపలేదు. అందుకే ఒకే ప్రశ్నకు 0, 3 రెండూ వచ్చినప్పుడు, ఉపాధ్యాయులు ఆ రెండు పత్రాల్లో రాసిన కారణాలు చదివి, కారణం లేని మార్కును లెక్కలోంచి తీసేయాలి.