సూత్రం సరైనదే, జవాబు ఎందుకు తప్పయింది?

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు పిల్లలకు సాయంత్రాలు భౌతికశాస్త్రం చెబుతుంటాను. పదకొండో తరగతి అమ్మాయి ఒకరు మొన్న పరీక్ష పేపరు తెచ్చి, "సూత్రం సరిగ్గానే రాశాను కదండీ, మార్కులు ఎందుకు పోయాయి?" అని అడిగింది.

లెక్క ఇది: గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బస్సుకు బ్రేకు వేస్తే 3 m/s² రుణత్వరణం కలిగింది. ఆగేలోపు ఎంత దూరం వెళ్తుంది? సూత్రం s = v²/2a. ఆమె 54ను అలాగే వేసి 486 మీటర్లు అని రాసింది. బ్రేకు వేశాక బస్సు దాదాపు అర కిలోమీటరు వెళ్తుందా? ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ బస్సెక్కే పిల్లకు ఆ సంఖ్య చూడగానే అనుమానం రావాలి.

త్వరణం మీటర్లు, సెకన్లలో ఉంది కాబట్టి వేగం కూడా అందులోకే రావాలి. 54ను 3.6తో భాగిస్తే 15 m/s. అప్పుడు 225/6, అంటే 37.5 మీటర్లు.

ఈ పొరపాటును పట్టుకునే గుర్తు ఒకటుంది. మీ జవాబును సరైన జవాబుతో భాగించి చూడండి. ఇక్కడ 12.96 వస్తుంది, అది 3.6 వర్గం. సూత్రంలో వేగం వర్గంలో ఉంది కనుక తప్పు కూడా వర్గమైంది. గతిజశక్తి లెక్కల్లోనూ ఇదే సంఖ్య కనిపిస్తుంది.

సంఖ్యలు వేసేటప్పుడే పక్కన ప్రమాణాలూ రాయండి. (km/h)² కింద m/s² కనబడితే, అది మీటర్లుగా తేలదని అక్కడే తెలిసిపోతుంది. రెండు వేగాల నిష్పత్తి మాత్రమే అడిగితే, రెండూ ఒకే ప్రమాణంలో ఉన్నంతవరకు మార్చనక్కర్లేదు.