టైంటేబుల్ ఫొటో చూసి వేసిన ప్రయాణం లెక్క ఎందుకు తేడా వస్తుంది?

మార్కాపురంలో బస్సెక్కి విజయవాడలో దిగి, అక్కడ రైలు పట్టుకుని విశాఖ వెళ్లాలి. ఫొటోల్లో టైములు ఇలా ఉన్నాయనుకుందాం: బస్సు బయల్దేరేది 5.40, విజయవాడ చేరేది 10.25. రైలు 23:50కి బయల్దేరి 06:35కి విశాఖ చేరుతుంది.

సమస్య: బస్సు ప్రయాణం 4 గంటల 85 నిమిషాలని వస్తోంది

కారణం: కాలిక్యులేటర్‌లో 10.25 లోంచి 5.40 తీసేశారు. దానికి గంటంటే వంద, మనకు అరవై.

పరిష్కారం: తీసేసే నిమిషాలు ఎక్కువగా ఉంటే, వచ్చిన జవాబులోంచి ఇంకో 0.40 తగ్గించండి. 4.85 కాస్తా 4.45 అవుతుంది. అంటే 4 గంటల 45 నిమిషాలు.

సమస్య: మొత్తం మైనస్‌లో వస్తోంది, లేదా గంటలోపే విశాఖ చేరినట్టు చూపిస్తోంది

కారణం: ఇక్కడ రెండు పొరపాట్లు కలిసిపోతాయి. రైల్వేవాళ్లు 24 గంటల పద్ధతిలో రాస్తారు. బస్టాండు బోర్డులో చాలాచోట్ల 5.40 అని మాత్రమే ఉంటుంది, ఉదయమో సాయంత్రమో ఉండదు. పైగా రైలు అర్ధరాత్రి దాటుతోంది.

పరిష్కారం: ఫొటోలో ఒక్క వరుసనే పెద్దది చేసి చూడకండి, పైవరుసలు కూడా చూడండి. 11.30 తర్వాత 1.00, 2.15 అంటూ వస్తే అక్కడి నుంచి మధ్యాహ్నం మొదలైనట్టే, 12 కలపాలి. మన బస్సు వాటి కిందే ఉంది కాబట్టి 17:40. విజయవాడ చేరేది 22:25. అర్ధరాత్రి దాటాక వచ్చే టైముకు 24 కలపండి: 06:35 అంటే 30:35. అందులోంచి 17:40 తీస్తే 12 గంటల 55 నిమిషాలు.

సరిచూసుకోవడానికి ముక్కలుగా కూడండి. బస్సులో 4:45, విజయవాడలో 1:25, రైల్లో 6:45. ఇదీ 12:55 అయితేనే లెక్క నమ్మండి. బస్టాండు నుంచి స్టేషనుకు ఆటోలో పట్టే సమయం ఆ 1:25లోనే ఉంది, దాన్ని మళ్లీ విడిగా కలపొద్దు. అయితే బస్సు గంట ఆలస్యమైతే మిగిలేది 25 నిమిషాలే. అందులోనే ఆటో, ప్లాట్‌ఫారం వెతుక్కోవడం అన్నీ అయిపోవాలి. నేనైతే దీనికన్నా ముందు వెళ్లే బస్సే ఎక్కుతాను.

సమస్య: రెండు లెక్కలూ కలిసినా టైము నమ్మేలా లేదు

కారణం: ఫ్లాష్ వెలుగు పడ్డ ఫొటోలో 3, 5, 8 ఒకేలా కనిపిస్తాయి. లేదా కన్ను పక్క వరుసలోకి జారి ఉంటుంది.

పరిష్కారం: అదే రైలు ముందు, వెనుక స్టేషన్ల టైములు చూడండి. 23:50 నిజంగా 23:30 అయితే, రైలు విజయవాడలో బయల్దేరకముందే తర్వాతి స్టేషనుకు చేరినట్టు కనిపించి దొరికిపోవచ్చు.

సమస్య: లెక్క సరిపోయింది, కానీ ఆ రోజు ఆ రైలే లేదు

కారణం: టైంటేబుల్లో రాసే వారం రైలు మొదలయ్యే స్టేషనుది. అర్ధరాత్రి దాటి మన స్టేషనుకు వస్తే మనకు మరుసటి రోజవుతుంది.

పరిష్కారం: మొదటి స్టేషను నుంచి మన స్టేషను వరకు ఎన్ని అర్ధరాత్రులు దాటిందో లెక్కపెట్టి, అన్ని రోజులు ముందుకు జరపండి. రైలు విజయవాడకు 23:50కి కాక 00:15కి ఉంటే, బస్సు ఎక్కేది శుక్రవారమైనా రైలు టిక్కెట్టు శనివారం తేదీకే తీసుకోవాలి.