సీనియర్ల దగ్గర కొన్న పౌడర్లు, మాత్రలు: సెలవులకు వచ్చిన పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఏం చేయాలి?

తల్లిదండ్రులకు నమస్కారం.

మా హాస్టల్‌లో జిమ్‌కు వెళ్లే విద్యార్థులు చాలామంది ప్రోటీన్ పౌడర్లు, వ్యాయామానికి ముందు ఉత్సాహం కోసం తాగే ప్రీ-వర్కౌట్ పౌడర్లు దుకాణంలో కాకుండా సీనియర్ల గదుల్లో కొంటున్నారు. డబ్బా మొత్తం ఖరీదు ఒక్కరు భరించలేరు కాబట్టి, ఒకరు తెప్పించి మిగిలినవారికి జిప్ కవర్లలో పోసి ఇస్తారు. అమ్మే సీనియర్‌కు చాలాసార్లు చెడు ఉద్దేశం కూడా ఉండదు. అయితే పౌడరు కవర్లోకి మారినప్పుడు లేబులు, కొలత చెంచా రెండూ డబ్బాతోనే ఉండిపోతాయి.

దీని వల్ల ఏం జరుగుతుందో ఒక సంఘటన చెబుతాను. రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు రాత్రి పదకొండు గంటలకు గుండెదడ, చేతుల వణుకుతో నా తలుపు తట్టాడు. ఆసుపత్రిలో ఈసీజీ తీసి, తెల్లవారేదాకా పరిశీలనలో ఉంచారు. అతను తాగింది సీనియర్ కవర్లో పోసి ఇచ్చిన ప్రీ-వర్కౌట్ పౌడరు, మర్నాడు ఆ సీనియర్ దగ్గరున్న దాని అసలు డబ్బా తెప్పించి చూశాను. 10 గ్రాముల చెంచాకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ అని దానిపై ఉంది. ఈ అబ్బాయి తన ప్రోటీన్ డబ్బాలోని 30 గ్రాముల చెంచాతో నిండుగా తీసుకున్నాడు, అంటే ఒకేసారి 600 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాములు దాటకూడదని సాధారణంగా చెబుతారు. కెఫీన్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం ఆరింటికి తీసుకున్నదానిలో సగం ఆ రాత్రి నా దగ్గరకు వచ్చేసరికి కూడా అతని ఒంట్లోనే ఉంది.

1. ముందు అడగండి, తరువాత చూడండి

బ్యాగు వెతకడంతో మొదలుపెడితే మిగిలినది స్నేహితుడి గదికి చేరిపోతుంది. ఏం తీసుకుంటున్నావు, ఎవరి దగ్గర కొన్నావు, ఏ చెంచాతో, ఏ వేళకు అని నెమ్మదిగా అడగండి. కోపంతో పారేయవద్దు, ఎందుకంటే అవసరమైతే వైద్యునికి చూపించవలసింది ఆ కవరే.

2. లేబులు చదవండి

అసలు డబ్బా ఉంటే దానిపై ‘హెల్త్ సప్లిమెంట్’, ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అనే మాటలు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా కూడా ఉండాలి. లైసెన్సు నంబరును foscos.fssai.gov.in లో వెతికి, అక్కడ కనిపించే సంస్థ పేరు డబ్బాపై ఉన్న పేరే అవునో కాదో చూడండి. పేర్లు కలవకపోతే ఆ డబ్బా వాడనివ్వవద్దు. కలిసినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము, ఎందుకంటే నకిలీ చేసేవారు అసలు నంబరునే అచ్చు వేయగలరు. మూత కింద సీలు మీ అబ్బాయే తీశాడా, అంతకుముందే తీసి ఉందా అన్నది కూడా అందుకే అడగాలి. లేబులు లేని కవరైతే పరిశీలించడానికి ఏమీ లేదు, వాడకం ఆపించాలి.

3. మాత్రలు, ఇంజక్షన్లు కనిపిస్తే

ఈ సంగతి పౌడర్ల కంటే తీవ్రమైనది. స్టానోజోలాల్, మెథాండియనోన్ వంటివి కండలు పెంచడానికి వాడే స్టెరాయిడ్లు, వాటిని ఆహార సప్లిమెంట్లలో కలపడానికి చట్టం అనుమతించదు. మెఫెంటెర్మిన్ అనే ఇంజక్షన్ మత్తు ఇచ్చినప్పుడు పడిపోయే రక్తపోటును నిలబెట్టడానికి ఆసుపత్రిలో వాడే మందు, దానిని కొందరు వ్యాయామానికి ముందు ఉత్సాహం కోసం తీసుకుంటున్నారు. వీపుపై, భుజాలపై ఒక్కసారిగా మొటిమలు లేవడం, ఛాతీ దగ్గర నొప్పితో కూడిన వాపు, అకారణమైన కోపం కనిపిస్తే స్టెరాయిడ్లను అనుమానించవచ్చు. కళ్లు పచ్చబడితే, మూత్రం ముదురు రంగులో వస్తే ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.

స్టెరాయిడ్లు కొన్ని వారాలుగా వాడుతున్న అబ్బాయి వాటిని ఒక్కసారిగా మానేస్తే తీవ్రమైన నీరసం, దిగులు రావచ్చు, శరీరం స్వయంగా పురుష హార్మోను తయారుచేయడం అప్పటికే తగ్గి ఉంటుంది కాబట్టి. మాన్పించడం తప్పనిసరే, కాని అది వైద్యుని పర్యవేక్షణలో జరగాలి. సూదులు పంచుకున్నట్టు తెలిస్తే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి పరీక్షలు కూడా చేయించండి.

4. మాకు తెలియజేయండి

అమ్మిన విద్యార్థి పేరు చెప్పమని మీ అబ్బాయిని బలవంతపెట్టవద్దు. ఏ వస్తువు, ఏ బ్లాకులో తిరుగుతున్నదో చెబితే చాలు, ఎవరు చెప్పారన్నది బయటకు రానివ్వను.

వీరిలో ఎక్కువమంది ప్రోటీన్ కోసమే సీనియర్ల దగ్గరకు వెళుతున్నారు. ఒక చెంచా ప్రోటీన్ పౌడరులో సుమారు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, నాలుగు కోడిగుడ్లలో కూడా దాదాపు అంతే. మీరు ఒక లేఖ పంపితే మీ అబ్బాయికి ఉదయం అదనపు గుడ్లు, సాయంత్రం ఉడికించిన శనగలు ఇచ్చే ఏర్పాటు మెస్సులో చేయిస్తాను, అదనపు ఖర్చు ఆ నెల మెస్ బిల్లులో విడిగా చూపిస్తాము.

ఇట్లు,
హాస్టల్ వార్డెన్